సెంటు ఎక్కడ కొట్టుకోవాలి? నాడి మీదా, బట్ట మీదా?

పెళ్లికో ఫంక్షన్‌కో బయల్దేరేటప్పుడు మనం చివరగా చేసే పని సెంటు కొట్టుకోవడం. చీర కట్టుకోవడం అయింది, నగలు పెట్టుకున్నారు, పూలు పెట్టుకున్నారు, బయట కారు హారన్ కొడుతోంది. అప్పుడు సీసా అందుకుని మెడ మీద ఒకసారి, మణికట్టు మీద ఒకసారి, పమిట మీద రెండుసార్లు కొట్టి, రెండు మణికట్లూ ఒకదానికొకటి గట్టిగా రుద్దుకుని గడప దాటేస్తాం. మగవాళ్లయితే చొక్కా గుండీలు పెట్టుకున్నాక ఛాతీ మీద నాలుగుసార్లు కొట్టుకుంటారు.

ఈ కాస్త పనిలో మూడు అలవాట్లున్నాయి: నాడి కొట్టుకునే చోట సెంటు రాయడం, మణికట్లు రుద్దుకోవడం, బట్టల మీద నేరుగా కొట్టడం. మొదటిదాని వెనకున్న నమ్మకం చాలావరకు అపోహ. రెండోదాని మీద వాదం ఇంకా నడుస్తోంది, అందులో ఇరువైపులా కొంత నిజముంది. మూడోది మాత్రం ఖరీదైన పొరపాటు. ఎన్నో పట్టుచీరల మీద మచ్చలు అలా పడ్డవే.

సీసాలో ఏముంది?

మనం కొనే స్ప్రే సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే. మిగిలింది కొంచెం నీరు, సుగంధ ద్రవ్యాలు. ‘ఓ ద పర్ఫ్యూమ్’ అని రాసి ఉంటే అందులో సుగంధం సుమారు 15 నుంచి 20 శాతం ఉంటుంది. ‘ఓ ద టాయిలెట్’ అయితే అంతకంటే తక్కువ. ఒకసారి నొక్కితే బయటికి వచ్చేది దాదాపు పదోవంతు మిల్లీలీటరు. అందులో ఆల్కహాల్ ఒకటి రెండు నిమిషాల్లో ఎగిరిపోతుంది. మిగిలిన ఆ సన్నటి సుగంధపు పొరే ఆ తర్వాత గంటల తరబడి నెమ్మదిగా ఆవిరవుతూ ముక్కుకు తగులుతుంది.

ఆ పొరలో అన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనీన్ చాలా తేలిక. కొట్టగానే గుప్పున వచ్చి పావుగంటలోనో అరగంటలోనో తగ్గిపోతుంది. గులాబీ, మల్లె వంటి పూల వాసనలు రెండు మూడు గంటలు ఉంటాయి. గంధం, కస్తూరి, వెనిల్లా వంటివి చివరిదాకా అంటిపెట్టుకుంటాయి. వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌తో పోలిస్తే లిమోనీన్ కొన్ని వేల రెట్లు తేలికగా ఆవిరవుతుంది. సెంటు కొట్టుకున్న అయిదు నిమిషాలకున్న వాసన సాయంత్రానికి మారిపోవడానికి కారణం ఇదే. సెంటు పాడైందని కాదు, తేలికవి ముందు వెళ్లిపోయాయని అర్థం.

ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగిలిన ప్రశ్నలన్నిటికీ దారి దొరుకుతుంది. సెంటు వాసన అంటే ఆవిరవడమే. వేగంగా ఆవిరైతే దూరం దాకా వీస్తుంది కానీ త్వరగా అయిపోతుంది. నెమ్మదిగా ఆవిరైతే ఎక్కువసేపు ఉంటుంది కానీ దగ్గరికి వస్తేనే తెలుస్తుంది. ఉన్నదానితో రెండూ ఒకేసారి దక్కవు.

నాడి కథ

మణికట్టు, చెవి వెనక, గొంతు పక్కన, మోచేతి మడత. నాడి చేతికి తెలిసే ఈ చోట్లను పల్స్ పాయింట్లంటారు. అక్కడ రక్తనాళం చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ చోటు వేడిగా ఉంటుందనీ, ఆ వేడికి సెంటు బాగా వీస్తుందనీ, పైగా ఎక్కువసేపు ఉంటుందనీ చెబుతారు.

ఇందులో మొదటి చిక్కు ఆ చివరి మాటలోనే ఉంది. వేడి తగిలితే సెంటు వేగంగా ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే సుగంధ ద్రవ్యాలు ఆవిరయ్యే వేగం సుమారు 8 నుంచి 10 శాతం పెరుగుతుంది. అప్పుడు వాసన బలంగా వస్తుంది, నిజమే. కానీ ఎక్కువసేపు ఉండడం మాట అటుంచి, తొందరగా అయిపోతుంది.

రెండో చిక్కు అసలు ఆ వేడి సంగతే. మణికట్టు దగ్గర నాడి చేతికి తెలియడానికి కారణం అక్కడ ధమని ఎముక మీదుగా, చర్మానికి దగ్గరగా పోవడం. చర్మాన్ని వెచ్చగా ఉంచేది మాత్రం ఆ ఒక్క ధమని కాదు. ఒళ్లంతా చర్మం కింద పరుచుకుని ఉన్న సన్నటి రక్తనాళాల వల. మామూలు గదిలో చర్మం పైభాగం చాలాచోట్ల 32 నుంచి 34 డిగ్రీల మధ్య ఉంటుంది. గుండెకు దూరమయ్యే కొద్దీ, అంటే చేతుల చివరలకూ కాళ్ల చివరలకూ పోయే కొద్దీ చల్లబడుతుంది. అందుకే పల్స్ పాయింట్లలో అందరికీ తెలిసిన మణికట్టు, ఛాతీ కంటే మెడ కంటే చల్లగానే ఉంటుంది. ఏసీ హాల్లోనైతే ఇంకా చల్లబడుతుంది.

మన ఎండాకాలంలో ఈ తేడాలు కూడా మిగలవు. విజయవాడలోనో ఖమ్మంలోనో 42 డిగ్రీల ఎండలో ఒంట్లోని వేడిని బయటికి పంపడానికి చర్మం కింది రక్తనాళాలన్నీ విప్పారతాయి. ఒళ్లంతా ఇంచుమించు ఒకే వేడికి వస్తుంది. అప్పుడు నాడి ఉన్న చోటికీ లేని చోటికీ సెంటు విషయంలో తేడా ఏముంటుంది?

మరి ఈ నమ్మకం ఎక్కడిది? స్ప్రే సీసాలు రాకముందు సెంటును సీసా మూతకున్న గాజు పుల్లతో ఒక్కో చుక్క అద్దుకునేవారు. ఒళ్లంతా చల్లుకునే వీలు లేదు కాబట్టి చేతికి అందేవీ, ఎదుటివాళ్లకు దగ్గరగా వచ్చేవీ అయిన చిన్న చోట్లను ఎంచుకునేవారు. అమెరికాలోని టొలీడో ఊళ్లో డివిల్‌బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులో మందు చల్లడానికి 1880ల్లో ఒక పరికరం తయారుచేశాడు. ఆయన కొడుకు దాన్ని సెంటు సీసాలకు అమర్చాడు. చల్లుకునే పద్ధతి వచ్చినా చుక్క అద్దుకునే కాలపు చోట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

హైదరాబాద్‌లో అత్తరు వాడేవాళ్లు దూది ఉండకు అత్తరు పట్టించి చెవి మడతలో పెట్టుకునే అలవాటు ఉంది. అక్కడ పని చేసేది నాడి కాదు, దూది. అది అత్తరును పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతుంది.

మరి ఎక్కడ కొట్టుకోవాలి?

పల్స్ పాయింట్లన్నీ పనికిరానివని కాదు. కొన్ని మంచి చోట్లే, కానీ కారణాలు వేరు. చోటు ఎంచుకునేటప్పుడు మూడు చూసుకోవాలి: అక్కడ నీళ్లూ సబ్బూ తగులుతాయా, ఎండ తగులుతుందా, మన ముక్కుకు మరీ దగ్గరా?

మొదటి ప్రశ్నకే మణికట్టు ఓడిపోతుంది. మనం చేత్తో తింటాం. తినేముందు ఒకసారి, తిన్నాక ఒకసారి చెయ్యి కడుగుతాం. కొట్టుకున్న సెంటులో చాలాభాగం ఆ సబ్బుతోనే పోతుంది. పోకుండా ఉంటే మరో ఇబ్బంది. ప్రతి ముద్దకూ కుడిచెయ్యి నోటి దాకా వస్తుంది. పప్పులో నెయ్యి వాసన, చారు పోపు వాసన తగలాల్సిన చోట సెంటు తగులుతుంది. చేతి మీదే కొట్టుకోవాలనుకుంటే ఎడమ మోచేతి మడత మేలు. నీళ్లు తగలవు, చెయ్యి ఊగినప్పుడల్లా గాలి కదిలి వాసన వీస్తుంది.

రెండో ప్రశ్న ఎండ. కొన్ని సుగంధాలకు, ముఖ్యంగా బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నుంచి తీసే నూనెకు ఒక గుణముంది. అందులోని బెర్గాప్టెన్ అనే పదార్థం చర్మం మీద ఉన్నప్పుడు ఎండ తగిలితే అక్కడ ఎర్రబడి, తర్వాత ముదురు గోధుమరంగు మచ్చ పడుతుంది. సెంటు మెడ మీదుగా కారిన మేరకు ఆ మచ్చ జారుతున్న గొలుసు బిళ్లలా కనిపిస్తుంది కాబట్టి వైద్యులు దీనికి గొలుసు బిళ్ల పేరే పెట్టి ‘బెర్లాక్ డెర్మటైటిస్’ అన్నారు. దీన్ని 1916లోనే గుర్తించారు. ఇప్పుడు పెద్ద కంపెనీలు బెర్గాప్టెన్ తీసేసిన నూనె వాడుతున్నాయి, వాడే మోతాదుకూ పరిమితులున్నాయి. అయినా సీసాలో ఏముందో తెలియని చవక సెంట్లను, నిమ్మ నారింజ వాసనలున్న అత్తర్లను ఎండలో తిరిగే రోజున మెడ మీద, చేతుల మీద రాసుకోకపోవడమే మంచిది. బట్ట కప్పే చోట రాసుకోండి.

మూడోది ముక్కు. ఏ వాసనైనా ఆగకుండా తగులుతుంటే కొద్ది నిమిషాల్లోనే ముక్కు దానికి అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. గొంతు కింద కొట్టుకున్నవాళ్లకు ఇది మరీ తొందరగా జరుగుతుంది. వాసన పోయిందనుకుని మళ్లీ కొట్టుకుంటారు. వాళ్లకు తెలియదు కానీ పక్కన కూర్చున్నవాళ్లకు తల తిరుగుతుంది. ఉబ్బసం, మైగ్రేన్ ఉన్నవాళ్లకైతే అది నిజమైన బాధ.

ఈ మూడూ కలిపి చూస్తే జాకెట్టు లేదా చొక్కా కింద ఉండే ఛాతీ, మెడ వెనక భాగం, మోచేతి మడతలు మంచి చోట్లు. రోజువారీకి రెండుసార్లు నొక్కితే చాలు, పెద్ద ఫంక్షన్‌కు మూడు. చర్మం పొడిగా ఉంటే ముందు వాసన లేని లోషన్ పలచగా రాసుకోండి. ఆ జిడ్డు సుగంధాన్ని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది. చంకల్లో సెంటు వద్దు. అది చెమట వాసనను ఆపదు, దానితో కలిసి ఇంకో వాసన తయారవుతుంది. గీసుకున్న చర్మమైతే మంట కూడా.

మణికట్లు రుద్దుకుంటే ఏమవుతుంది?

రుద్దితే సెంటులోని అణువులు నలిగిపోతాయని చాలామంది హెచ్చరిస్తారు. అది నిజం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు తీసేవాళ్లు గులాబీలను రాగి డేగుల్లో నీళ్లతో పాటు పోసి, కింద మంట పెట్టి గంటల తరబడి మరిగిస్తారు. ఆ ఆవిరిలోంచి వచ్చిన సుగంధమే గంధపు నూనెలోకి దిగుతుంది. అన్ని గంటలు మరిగే ఆవిరిని తట్టుకున్న అణువులు రెండు మణికట్ల మధ్య రాపిడికి విరిగిపోవు.

అంతమాత్రాన ఏ తేడా ఉండదనడమూ సరికాదు. రుద్దితే మూడు జరుగుతాయి. చర్మం కాస్త వేడెక్కుతుంది. తడి ఎక్కువ చోటికి పలచగా పరుచుకుంటుంది. చర్మం మీది జిడ్డు, చెమట అందులో కలుస్తాయి. మొదటి రెండిటివల్ల తేలికగా ఆవిరయ్యే నిమ్మ, నారింజ వాసనలు ఇంకా వేగంగా ఎగిరిపోతాయి. అంటే సెంటు తయారుచేసినవాళ్లు మొదటి పావుగంటకోసం అమర్చిన భాగం మనకు సరిగా దక్కదు. గంధం, కస్తూరి వంటి బరువైన వాటికి మాత్రం పెద్దగా తేడా రాదు.

వాదం తెగకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. నిమ్మజాతి వాసనల కొలోన్ వాడేవాళ్లకు తేడా తెలుస్తుంది. ఊద్, గంధం వాడేవాళ్లకు తెలియదు. మీ సెంటు సంగతి మీరే తేల్చుకోవచ్చు. రెండు మోచేతి మడతల్లోనూ ఒక్కొక్కసారి కొట్టుకుని, ఒకదాన్ని అలాగే వదిలి, రెండోదాన్ని వేలితో పది సెకన్లు రుద్దండి. వెంటనే ఒకసారి, పావుగంటకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి, ఏది రుద్దినదో తెలియని మనిషికి వాసన చూపించండి. మొదటి రెండుసార్లు తేడా చెప్పి మూడోసారి చెప్పలేకపోతే ఆవిరి లెక్క మీ ఇంట్లోనే రుజువైనట్టు. రుద్దడం వల్ల నష్టం స్వల్పం, లాభం ఏమీ లేదు. అందుకే కొట్టుకున్నాక అలాగే ఆరనివ్వడం మంచిది.

బట్ట మీద వాసన, బట్ట మీద మరక

బట్ట మీద సెంటు చర్మం మీదకంటే ఎక్కువసేపు ఉంటుంది. ఒంటి వేడి నేరుగా తగలదు, చెమట కలవదు, పైగా నూలు పోగుల్లోకి సుగంధం ఇంకి నిలుస్తుంది. మర్నాడు కూడా చొక్కాకు వాసన రావడం అందువల్లే. మరకలు పడడానికి కూడా ఇదే కారణం. చర్మం మీంచి స్నానంతో పోయేది బట్టలో ఉండిపోతుంది.

మరకలు మూడు రకాలు. మొదటిది జిడ్డు మరక. నూనె మీద తయారయ్యే అత్తర్లతో ఇది వెంటనే కనిపిస్తుంది. పాలిస్టర్ బట్టకు నూనె గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి దాన్నుంచి వదిలించడం కష్టం. రెండోది రంగు మరక. వెనిలిన్ ఎక్కువున్న సెంట్లు గాలి తగిలే కొద్దీ గోధుమరంగుకు తిరుగుతాయి. తెల్ల చొక్కా మీద కొట్టినప్పుడు ఏమీ కనిపించదు. కొన్ని రోజులకు, ముఖ్యంగా ఉతక్కుండా ఇస్త్రీ పెట్టె పెడితే, పసుపుపచ్చ మచ్చ తేలుతుంది. ఆ వేడికి మరక స్థిరపడిపోతుంది కూడా.

మూడోది అన్నిటికంటే చెడ్డది. బట్ట రంగే కదిలిపోవడం. ఆల్కహాల్ చాలా రంగులను కరిగిస్తుంది. పట్టు మీద పడిన తడి చుట్టూ పాకుతూ ఆ రంగునూ, బట్టకు పెట్టిన గంజిలాంటి మెరుగునూ అంచుకు తోసి అక్కడ ఆరిపోతుంది. అందుకే పట్టు మీద సెంటు మచ్చ వలయంలా కనిపిస్తుంది. ఇది పైన అంటిన మరక కాదు, బట్టలోంచి పోయిన రంగు. కాబట్టి ఏ ఉతుకుడుకూ పోదు. కంచి, ధర్మవరం, గద్వాల పట్టుచీరలన్నిటికీ ఈ ప్రమాదం ఉంది. జరీకి కూడా తడీ రసాయనాలూ పడవు, మెరుపు తగ్గి నల్లబడుతుంది. హైదరాబాద్ ముత్యాలకూ అంతే. ముత్యం పైపొర సెంటుకు క్రమంగా మెరుపు కోల్పోతుంది.

ఏ సెంటైనా బట్ట మీద వాడాలనుకుంటే ముందు ఒక తెల్ల కాగితం మీద దగ్గర్నుంచి రెండుసార్లు కొట్టి చూడండి. పది నిమిషాలయ్యాక వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే జిడ్డు ఉన్నచోట కాగితం పారదర్శకంగా కనిపిస్తుంది. అదే కాగితాన్ని రెండు మూడు రోజులు కిటికీ దగ్గర పెట్టండి. పసుపు తిరిగితే తెల్లబట్టకు ఆ సెంటు పనికిరాదు. రెండు పరీక్షలూ నెగ్గినా నూలు బట్టకే వాడండి, అదీ లోపలి వైపున, ఒక జానెడు దూరం నుంచి. దగ్గర్నుంచి కొడితే మంచులా పడాల్సింది చుక్కలుగా పడుతుంది.

పట్టుచీర కట్టే రోజు వరస

ఉదయం పది గంటల ముహూర్తం, కంచిపట్టు, ముత్యాల హారం అనుకుందాం. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా తుడుచుకున్నాక వాసన లేని లోషన్ పలచగా రాసుకోండి. అది ఇంకాక లోపలి బట్టలతో ఉన్నప్పుడే సెంటు కొట్టుకోవాలి. ఛాతీ మీద ఒకసారి, మెడ వెనక ఒకసారి, ఎడమ మోచేతి మడతలో ఒకసారి. రుద్దకండి. కనీసం అయిదు నిమిషాలు ఆగండి, ఆ సమయంలో జడ వేసుకోవచ్చు. కొట్టిన చోట వేలు పెట్టి తడి లేదని చూసుకున్నాకే జాకెట్టు, చీర, ఆఖరున ముత్యాలు. ఇంటికి వచ్చాక ముందు తియ్యాల్సిందీ ముత్యాలే. మెత్తని పొడిబట్టతో తుడిచి పెట్టండి.

సాయంత్రం రిసెప్షన్‌కు వాసన తగ్గిందనిపిస్తే చీర మీద కొట్టకండి. నూలు చేతిరుమాలు మీద ఒకసారి కొట్టి, ఆరాక సంచిలో పెట్టుకుంటే చాలు. దీపం, గ్యాస్ పొయ్యి, హారతి దగ్గర మాత్రం సీసా బయటికి తీయొద్దు. గాలిలోకి చల్లిన ఆల్కహాల్ నిప్పు అందుకుంటుంది.

మరక పడిపోతే

నూలు బట్ట అయితే వెంటనే పొడి తెల్లగుడ్డతో అద్దండి, రుద్దకండి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి వేలితో మెల్లగా పట్టించి, పావుగంట ఆగి చల్లని నీళ్లతో జాడించండి. మరక పూర్తిగా పోయిందని పగటి వెలుతురులో చూశాకే ఇస్త్రీ చెయ్యండి. పోకపోతే మళ్లీ అదే చెయ్యండి, వేడి మాత్రం తగలనివ్వకండి.

పట్టు అయితే ఇంట్లో ఏమీ చెయ్యకండి. నీళ్లు అద్దితే ఇంకో వలయం పడుతుంది, రుద్దితే పోగులు లేస్తాయి. తడి ఉంటే గుడ్డతో అద్ది, ఫ్యాను గాలికి ఆరనిచ్చి, రోలింగ్‌కు గానీ ఇస్త్రీకి గానీ ఇవ్వకుండా డ్రైక్లీనింగ్‌కు తీసుకెళ్లండి. పడింది సెంటు అని, ఎప్పుడు పడిందని, ఎక్కడ పడిందని చెప్పి చూపించండి. మరక దేనిదో తెలిస్తేనే వాళ్లు సరైన మందు వాడగలరు. జిడ్డు మరకలను వాళ్లు చాలావరకు తీసేస్తారు. రంగు కదిలితే మాత్రం తిరిగి రాదు.

అందుకే సెంటు వరసను మార్చండి. అది అలంకరణలో చివరి పని కాదు, స్నానం తర్వాత మొదటి పని. నాడి కోసం వెతకాల్సిన పని లేదు. శుభ్రమైన చర్మం మీద, బట్ట కప్పే చోట కొట్టుకుని, ఆరనిచ్చి, ఆ తర్వాతే చీర కట్టుకోండి.